మా కొట్లో దసరా బోనస్ లెక్క: పనివాళ్లకు రాసిచ్చిన కాగితం

మాది మంచిర్యాలలో బట్టల కొట్టు. 2023-24లో మా దగ్గర తొమ్మిదిమంది పనిచేశారు. మా మామయ్య కొట్టు చూసిన రోజుల్లో దసరా ముందు ఒక్కొక్కరిని పిలిచి చేతిలో కవరు పెట్టేవారు. అందులో ఎంత ఉండాలన్నది ఆయన మనసులోనే తేలేది. ఎవరి కవరులో ఎంతుందో సాయంత్రంలోగా అందరికీ తెలిసేది, ఎందుకంత అన్నది మాత్రం ఎవరికీ తెలిసేది కాదు. గల్లా నా చేతికి వచ్చాక ఆ లెక్క కాగితం మీద ఉండాలనుకున్నాను. 2024 దసరాకు ఆ కాగితం రాసి, కొట్టు తెరవకముందు అందరినీ కూర్చోబెట్టి చదివి వినిపించాను. ఐదారుగురు పనివాళ్లున్న కొట్టువాళ్లకు ఎవరికైనా పనికొస్తుందని ఆ లెక్క ఎలా కట్టానో, ఏ ప్రశ్నలొచ్చాయో ఇక్కడ రాస్తున్నాను.

మా ఊళ్లో బోనస్ మాట ఎత్తితే ముందు సింగరేణి గుర్తొస్తుంది. మా పనివాళ్లలో సగంమంది ఇళ్లలో ఎవరో ఒకరు బొగ్గు బాయి పనికి పోతారు. ఆ ఏడు సెప్టెంబరులో లాభాల్లో 33 శాతం వాటా కార్మికులకని ప్రభుత్వం ప్రకటించింది. మర్నాడే మా ప్యాకింగ్ పిల్లవాడు అడిగాడు: "అక్కా, సింగరేణోళ్లకు 33 శాతమట. మనకెంత శాతం?"

అడగాల్సిన ప్రశ్నే. నా కాగితం మొదలైంది కూడా అక్కడి నుంచే. ఎంత శాతం అన్నదానికంటే ముందు దేని మీద శాతం అని అడగాలి. 2023-24లో సింగరేణి నికర లాభం 4,701 కోట్లు. అందులో 2,289 కోట్లు కొత్త పనుల పెట్టుబడికి పక్కన పెట్టి, మిగిలిన 2,412 కోట్ల మీద 33 శాతం లెక్కగట్టారు. అది 796 కోట్లయింది. అంటే అది అమ్మకం మీద కట్టిన శాతం కాదు, జీతం మీద కట్టింది కాదు, మొత్తం లాభం మీద కట్టింది కూడా కాదు. మా కొట్లో అయినా అంతే. జీతం మీద శాతం వేరు, గల్లా మీద శాతం వేరు, మిగులు మీద శాతం వేరు. ఈ మూడూ కలిసిపోతే ఎంత ఇచ్చినా తక్కువిచ్చినట్టే ఉంటుంది.

పనివాళ్ల కళ్లకు కనిపించేది గల్లా ఒక్కటే. సద్దుల బతుకమ్మకు ముందు రెండ్రోజులు కౌంటరు దగ్గర నిలబడ్డవాడికి ఎంత డబ్బు వచ్చిందో తెలుసు. దానిలో ఎంత బయటికి పోతుందో తెలిసే దారి లేదు. అందుకే కాగితంలో మొదటి భాగం మొత్తం 100 రూపాయల చీర మీద రాశాను. ఆ ఏడు మా అమ్మకం, జీఎస్టీ తీసేశాక, దాదాపు 2 కోట్లు. ఇంత పెద్ద అంకె పైన రాస్తే చదివేవాళ్లు దాన్నే పట్టుకుంటారు. 100 రూపాయలైతే ఎవరికైనా చేతికి అందుతుంది.

100 రూపాయలకు అమ్మిన సరుకులో 78 రూపాయలు ఆ సరుకు కొన్న ధర, సూరత్ నుంచీ హైదరాబాద్ నుంచీ వచ్చే లారీ కిరాయితో కలిపి. జీతాలు, టీలు, పండగ రోజుల భోజనాలు 8. కొట్టు కిరాయి 3. కరెంటు, జనరేటరు డీజిలు, క్యారీ బ్యాగులు, లెక్కలాయన ఫీజు కలిపి ఇంకో 3. బ్యాంకు వడ్డీ 2. ధర తగ్గించి అమ్ముకోవాల్సి వచ్చిన పాత సరుకు మీద పోయింది 1. ఇక్కడికి 95 అయింది. మిగిలిన 5లో 2 మా ఆయనకూ నాకూ కలిపి జీతంగా వేసుకున్నాం. సరుకు కొనుగోలుకు ఆయన తిరుగుతారు, గల్లా నేను చూస్తాను. ఆ జీతం కూడా కాగితంలో రాశాను. రాయకపోతే మేం ఎంత తీసుకుంటున్నామో ఊహించుకుంటారు, ఊహ ఎప్పుడూ పెద్దగానే ఉంటుంది. చివరికి మిగిలింది 100కి 3 రూపాయలు, ఏడాది మొత్తానికి 6 లక్షలు.

ఇందులో ఎక్కువ వివరించాల్సి వచ్చింది పాత సరుకు సంగతి. "చీర ర్యాకులోనే ఉంది కదక్కా, నష్టమెట్లయితది?" అని చీరల సెక్షన్ అమ్మాయి అడిగింది. మార్చి 31న ర్యాకులన్నీ లెక్కపెట్టింది వాళ్లే కాబట్టి ఆ జాబితానే తీసి చూపించాను. సరుకు ఖర్చు తేల్చాలంటే ఏడాది మొదట్లో ఉన్న సరుకుకు ఆ ఏడు కొన్నది కలిపి, మార్చి చివర మిగిలినది తీసేయాలి. మిగిలిన సరుకుకు ఏ ధర వేశామన్న దాని మీద లాభమంతా ఆధారపడి ఉంటుంది. స్టిక్కరు మీది అమ్మకం ధర వేసేస్తే, ఇంకా అమ్మని చీర మీద కూడా లాభం వచ్చినట్టు చూపిస్తుంది. కొన్న ధరే వేయాలి. ఆ ధరకు పోదని తెలిసిన సరుకైతే ఎంతకు పోతుందో అంతే వేయాలి. 600కు కొని రెండేళ్లుగా కదలని చీర ఆషాఢంలో 350కే పోయేలా ఉంటే, ఆ 250 ఈ ఏడాది లెక్కలోనే పోవాలి. ఆ అమ్మాయే ఆ మడతలు విప్పి దులిపి మళ్లీ పెడుతుంటుంది. ఏ డిజైన్లు కదలడం లేదో నాకంటే తనకే బాగా తెలుసు. ఇక మళ్లీ అడగలేదు.

ఇప్పుడు బోనస్. కాగితంలో దాన్ని రెండు ముక్కలుగా రాశాను. మొదటిది జీతాన్ని బట్టి, రెండోది పనికి వచ్చిన రోజులను బట్టి.

మొదటి ముక్కకు కొలత చట్టం నుంచి తీసుకున్నాను. అప్పుడు అమల్లో ఉన్న 1965 నాటి బోనస్ చట్టం ఇరవైమంది, అంతకంటే ఎక్కువ పనిచేసే చోటికి వర్తించేది. తొమ్మిదిమంది ఉన్న మాకు వర్తించలేదు. ఆ మాట దాచకుండా కాగితంలోనే రాశాను. కానీ ఆ చట్టంలోని కనీస బోనస్, 8.33 శాతం, అర్థమయ్యే కొలత. పన్నెండు నెలల జీతంలో పన్నెండో వంతు, అంటే ఏడాది పనికి ఒక నెల జీతం. చట్టం ప్రకారమైతే జీతం ఎక్కువున్నా లెక్క మాత్రం నెలకు 7,000 మీదో, ఆ పనికి ప్రభుత్వం పెట్టిన కనీస వేతనం మీదో, రెంటిలో ఏది ఎక్కువైతే దాని మీద కట్టినా సరిపోయేది. మేం ఆ పరిమితి పెట్టలేదు, చేతికి వచ్చిన జీతం మొత్తం మీదే కట్టాం. ఆ ఏడు తొమ్మిదిమందికీ ఇచ్చిన జీతాలు 15,60,000. పన్నెండో వంతు 1,30,000.

6 లక్షల మిగులులో అది తీసేస్తే 4,70,000 ఉంది. అందులో లక్ష రెండో ముక్కకు పెట్టాను. "లక్షే ఎందుకు, రెండు లక్షలెందుకు కావు?" అని ఎవరూ నోరు తెరిచి అడగరు, కానీ మనసులో అడుగుతారు. అందుకని నేనే రాశాను. బ్యాంకుకు వడ్డీ కాకుండా అసలు కింద నెలకు 20,000 కట్టాలి. అసలు ఖర్చు కాదు కాబట్టి పైన 100 రూపాయల లెక్కలో అది కనిపించదు. డబ్బు మాత్రం ఈ మిగులులో నుంచే పోవాలి. ఏడాదికి 2,40,000. ఇక ఉండే 1,30,000లోనే మా ఆదాయపు పన్ను, పెళ్లిళ్ల సీజను సరుకుకు ముందు కట్టే అడ్వాన్సులు. దాని కింద ఈ వాక్యం రాశాను: "పన్నెండో వంతు లెక్క ప్రకారం వచ్చింది. ఈ లక్ష మాత్రం నేను అనుకుని పెట్టింది. ఇంతకంటే తీస్తే సంక్రాంతి సరుకుకు మళ్లీ అప్పు చేయాలి." దేన్ని లెక్క తేల్చిందో, దేన్ని యజమాని తేల్చాడో విడదీసి చెప్పకపోతే, కూడికలు ఎంత సరిగ్గా ఉన్నా కాగితాన్ని నమ్మరు.

ఆ లక్షను జీతం ప్రకారం పంచలేదు. దాని మీద మా ఆయనకూ నాకూ రెండ్రోజులు వాదన నడిచింది. పెద్ద సేల్స్‌మన్ అన్న చేతిలో ముప్పై ఏళ్ల అనుభవం ఉంది, ఆయనకు ఎక్కువ రావాలని మా ఆయన అన్నారు. నిజమే, కానీ ఆ అనుభవానికి జీతంలోనూ మొదటి ముక్కలోనూ ఎక్కువ వస్తూనే ఉంది. దసరా ముందు రాత్రి పదకొండింటిదాకా అన్న ఎంతసేపు నిలబడితే ప్యాకింగ్ పిల్లవాడూ అంతసేపే నిలబడతాడు. కొట్టు తెరిచి ఉన్న రోజున వచ్చినవాళ్లందరికీ ఆ రోజు విలువ ఒక్కటే అన్నాను. చివరికి అదే ఖాయమైంది. హాజరు పుస్తకంలో అందరి రోజులూ కూడితే 2,500 వచ్చాయి. లక్షను 2,500తో భాగిస్తే రోజుకు 40 రూపాయలు. సగం రోజు వస్తే 20. పండగ సీజనులో రాత్రి ఎక్కువసేపు ఉన్నందుకు డబ్బు ఏ వారానిది ఆ వారమే ఇచ్చేశాం కాబట్టి దాన్ని ఇందులో కలపలేదు.

కాగితంలో ఇద్దరి లెక్క పూర్తిగా చేసి చూపించాను, వాళ్లను ముందే అడిగి. ఎక్కువ జీతం ఒకరు, తక్కువ జీతం ఒకరు. మిగిలినవాళ్లు తమ అంకెలు పెట్టి తామే కట్టుకోవాలని నా ఉద్దేశం.

పెద్ద సేల్స్‌మన్ అన్న జీతం నెలకు 18,000. ఏడాదికి 2,16,000 కావాలి. కూతురి పెళ్లికి సెలవులు అయిపోయాక జీతం లేకుండా 10 రోజులు తీసుకున్నారు. రోజుకు 600 చొప్పున 6,000 తగ్గింది. చేతికి వచ్చింది 2,10,000. పన్నెండో వంతు 17,500. కొట్టు తెరిచిన రోజులు 305, ఆయనవి 295. 295ను 40తో గుణిస్తే 11,800. మొత్తం 29,300.

ప్యాకింగ్ పిల్లవాడు 2023 అక్టోబరు మొదట్లో చేరాడు. జీతం 13,000. మార్చి దాకా ఆరు నెలలకు 78,000. పన్నెండో వంతు 6,500. పనికి వచ్చిన రోజులు 148, వాటికి 5,920. మొత్తం 12,420. వాడు ఒక నెల జీతం, అంటే 13,000 పూర్తిగా వస్తుందని అనుకున్నాడు. కాగితం చూసి ముందు మొహం చిన్నబుచ్చుకున్నాడు. ఆరు నెలల పనికి మొదటి ముక్క సగమే వస్తుందనీ, రోజుల ముక్క కలిశాక దాదాపు ఆ 13,000 దగ్గరికే వచ్చిందనీ వాడే క్యాలిక్యులేటరు మీద నొక్కి చూసుకున్నాడు.

నేను అనుకున్నదానికంటే ఎక్కువ మాట్లాడాల్సి వచ్చింది మాత్రం రోజుల లెక్క మీద. మా సేల్స్ అమ్మాయి ఒకామె ఆ ఏడు కాన్పుకు వెళ్లింది. మూడు నెలలు జీతంతో సెలవిచ్చాం. ఆ మూడు నెలల్లో కొట్టు తెరిచిన 78 రోజులనూ ఆమె వచ్చిన రోజులుగానే వేశాను. ఆమె లేనప్పుడు ఒక అబ్బాయి గొంతు తగ్గించి అన్నాడు, "రాని దినాలకు గూడ నలభయ్యా అక్కా? మేం వచ్చినం గదా." తిట్టాల్సిన మాట కాదు, లెక్క చెప్పాల్సిన మాట. బోనస్ చట్టంలో కూడా జీతంతో ఇచ్చిన సెలవు, జీతంతో ఇచ్చిన ప్రసూతి సెలవు, పనిలో దెబ్బ తగిలి ఇంట్లో ఉన్న రోజులు అన్నీ పనిచేసిన రోజుల కిందికే వచ్చేవి. ఆ సంగతి చెప్పి, ఆ 78 తీసేస్తే అందరికీ ఏమవుతుందో పక్కనే వేసి చూపించాను. 2,422 రోజులతో భాగిస్తే రోజుకు 41 రూపాయల 29 పైసలు. 295 రోజులు వచ్చిన అన్నకు ఏడాది మొత్తం మీద పెరిగేది 380 రూపాయలు. ఆ 78 రోజులకు ఆమెకు పోయేది మాత్రం 3,120. ఆ తేడా చూశాక ఆ అబ్బాయి ఏమీ అనలేదు. పెద్దన్న మాత్రం, "రేపు నేను నిచ్చెన మీద నుంచి పడ్డా ఇదే లెక్కనా అమ్మా?" అని అడిగారు. ఇదే లెక్క అన్నాను, ఆయన ఎదుటే ఆ మాట కూడా కాగితంలో చేర్చాను.

మానేసినవాళ్ల సంగతి ఇంకొకటి. తొమ్మిదిమందిలో ఒకతను ఏప్రిల్‌లో హైదరాబాద్ వెళ్లిపోయాడు. లెక్క మార్చితో ముగిసిన ఏడాదిది, ఆ ఏడాదంతా అతను మాతోనే ఉన్నాడు. కాబట్టి అతని బోనస్ అతనిదే, ఫోన్‌పేలో పంపించాను. పండగనాడు ఉన్నవాళ్లకే బోనస్ అనే పద్ధతి మా బజారులో చాలా కొట్లలో ఉంది. పని ఎప్పుడు చేశారన్నది వదిలేసి పండగకు ఎవరున్నారని చూడటం నాకు ఎప్పుడూ సరికాదనే అనిపిస్తుంది. చట్టంలో కూడా ఆ ఏడాదిలో కనీసం 30 రోజులు పనిచేస్తే చాలు, బోనస్‌కు అర్హత వచ్చినట్టే. అతని స్థానంలో జూన్‌లో చేరిన అమ్మాయికి ఈ లెక్కలో ఏమీ రాదు, ఆమె రోజులు వచ్చే ఏటి లెక్కలో ఉంటాయి. పండగ పూట ఉత్త చేతులతో పంపలేం కాబట్టి ఆమెకు 3,000 ఇచ్చాం. అది బోనస్ కాదు, పండగ మామూలు అని చెప్పే ఇచ్చాం. లేకపోతే వచ్చే ఏడు ఆ 3,000 కూడా లెక్కలో వస్తుందనుకుంటుంది. అందరికీ పెట్టే బట్టలు, మిఠాయి డబ్బా కూడా అంతే, వాటి ధర బోనస్‌లో నుంచి పట్టుకోలేదు.

అడ్వాన్సులు ఉన్నవాళ్లు నలుగురు. బజారులో మామూలుగా బోనస్ మొత్తం పాత అడ్వాన్సుకు జమ వేసేసుకుని కవరులో చిల్లర పెడతారు. ఇచ్చిన డబ్బు తిరిగి రావాల్సిందే, కానీ బతుకమ్మకు ఇంటికి ఖాళీ చేతులతో వెళ్లినవాడికి బోనస్ ఇచ్చినట్టు ఎలా అవుతుంది? అందుకే స్లిప్పులో ముందు బోనస్ పూర్తి అంకె, దాని కింద వేరే వరుసలో అడ్వాన్సు రాశాను. బోనస్‌లో మూడో వంతు మించి పట్టుకోలేదు, అదీ వాళ్లు ఒప్పుకుంటేనే. ఒకరు ఈసారి వద్దన్నారు, వదిలేశాను. జనవరి నుంచి జీతంలో కొంచెం కొంచెం తగ్గించుకుంటానని రాసిచ్చారు.

గోడకు అంటించింది పద్ధతి రాసిన కాగితం మాత్రమే. ఎవరికెంత అన్నది ఎవరి స్లిప్పులో వాళ్లకే ఇచ్చాను. జీతం, రోజులు, రెండు గుణకారాలు, మొత్తం. సరిగ్గా చదవడం రాని ఒకామె స్లిప్పు తన కొడుకు చేత చదివించుకుని మర్నాడు వచ్చి సంతకం పెడతానంది, సరే అన్నాను. డబ్బు మాత్రం ఎంగిలిపూల బతుకమ్మకు ముందే చేతికి అందేలా చూశాను. చట్టం ప్రకారమైతే మార్చితో ముగిసిన ఏడాది బోనస్‌కు నవంబరు చివరి దాకా గడువు ఉంటుంది. కానీ దసరా దాటాక ఇచ్చే దసరా బోనస్‌తో ఇంట్లోవాళ్లకు బట్టలు ఎవరు కొనుక్కుంటారు?

అందరూ లేవబోతుంటే పెద్దన్న ఆగి ఇంకో ప్రశ్న వేశారు. "వచ్చే ఏడు గిరాకీ లేకుంటే?"

దానికి జవాబు అప్పటికే కాగితం చివర ఉంది. లాభం వచ్చినా రాకపోయినా పన్నెండో వంతు ఇస్తాం. రోజుల ముక్క మాత్రం మిగులు ఉంటేనే ఉంటుంది, లేకపోతే సున్నా. ఆ ముక్క ఎలా నడుస్తోందో మార్చి దాకా ఆగకుండా తెలియాలని, ఎవరి రోజులు ఎన్నయ్యాయో ప్రతి నెలాఖరున హాజరు పుస్తకంలో కూడి వాళ్ల చేత సంతకం పెట్టించుకుంటున్నాం. మూడు నెలలకోసారి ఆ 100 రూపాయల లెక్క కూడా మళ్లీ వేసి గోడకు అంటిస్తున్నాను.